తుంటి ఆపరేషన్ తర్వాత ఇంట్లో స్నానం: బెంచీ ఎంత ఎత్తు ఉండాలి, ఎక్కడ వేయాలి?

తుంటి ఆపరేషన్ అయ్యాక కొద్ది రోజులకే పేషెంటును ఇంటికి పంపించేస్తారు. మంచం ఎక్కడ వేయాలి, మందులు ఎవరు చూసుకోవాలి, వంట ఎవరు చేయాలి అన్నవి ఇంట్లో వాళ్లు ముందే మాట్లాడుకుంటారు. స్నానాల గది సంగతి మాత్రం ఇంటికొచ్చాకే గుర్తొస్తుంది. అప్పటికప్పుడు వరండాలో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి కుళాయి ముందు వేస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఆ కుర్చీ తడి టైల్స్ మీద జారుతుంది, పైగా చాలామందికి అది ఉండాల్సినంత ఎత్తు ఉండదు.

స్నానానికి వేసే సీటు ఎత్తు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే లోపల ఏం జరిగిందో కొంచెం తెలియాలి. తుంటి కీలు గిన్నెలో కూర్చున్న బంతి లాంటిది. కీలు మార్పిడిలో కొత్త బంతిని అమర్చుతారు, అవసరమైతే గిన్నెను కూడా మారుస్తారు. దాన్ని బిగించి పట్టుకోవాల్సిన కండరాలను, పొరను ఆపరేషన్‌లో కోసి మళ్లీ కుడతారు. అవి అతుక్కునే దాకా బంతి గిన్నెలోంచి జారిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే వెనక వైపు నుంచి కోసి ఆపరేషన్ చేసిన వాళ్లకు సాధారణంగా మూడు జాగ్రత్తలు చెబుతారు. తుంటిని 90 డిగ్రీలకు మించి వంచకూడదు. ఆపరేషన్ అయిన కాలు శరీరం మధ్య గీత దాటి రెండో కాలి వైపు పోకూడదు. ఆ పాదం, మోకాలు లోపలికి తిరగకూడదు.

పొట్టి కుర్చీలో కూర్చుంటే మోకాళ్లు తుంటి కన్నా పైకి లేస్తాయి. అంటే 90 డిగ్రీల హద్దు కూర్చున్న క్షణంలోనే దాటిపోయినట్టు. ఆరు అంగుళాల పీట మీద కూర్చుని స్నానం చేసే అలవాటున్న మన ఇళ్లలో ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

ఈ జాగ్రత్తలు అందరికీ ఒకేలా ఉండవు. ముందు వైపు నుంచి చేసిన ఆపరేషన్‌కు వేరే జాగ్రత్తలు చెబుతారు. విరిగిన ఎముకకు రాడ్డో ప్లేటో వేసిన వాళ్లకు కీలు జారే భయం కన్నా ఆ కాలి మీద ఎంత బరువు వేయొచ్చన్నది పెద్ద ప్రశ్న. కాబట్టి డిశ్చార్జి రోజున డాక్టరును నాలుగు విషయాలు అడిగి కాగితం మీద రాయించుకోవాలి: ఏ కదలికలు చేయకూడదు, కాలి మీద ఎంత బరువు వేయొచ్చు, కుట్లు ఎప్పటి నుంచి తడవొచ్చు, ఈ జాగ్రత్తలు ఎన్ని వారాలు పాటించాలి.

బెంచీకి, కుర్చీకి తేడా

సర్జికల్ షాపులో స్నానం కోసం రెండు రకాల సీట్లు దొరుకుతాయి. ఒకటి షవర్ చెయిర్. అల్యూమినియం కాళ్లు, రంధ్రాలున్న ప్లాస్టిక్ సీటు, కాళ్ల చివర వెడల్పాటి రబ్బరు బుష్షులు ఉంటాయి. స్నానాల గది నేల అంతా ఒకే మట్టంలో ఉండి, వాకర్ సీటు దాకా వెళ్లగలిగితే ఇది చాలు. చేతులు, వెనక ఆనుకునే పలక ఉన్నదే తీసుకోవాలి.

రెండోది ట్రాన్స్‌ఫర్ బెంచీ. ఇది పొడుగ్గా ఉంటుంది. దీన్ని అసలు తయారు చేసింది బాత్ టబ్బుల కోసం. రెండు కాళ్లు టబ్బు బయట, రెండు కాళ్లు టబ్బు లోపల ఉంటాయి. మనిషి బయటి చివర కూర్చుని, జరుగుతూ లోపలికి వెళ్లి, కాళ్లను ఒక్కొక్కటిగా టబ్బు అంచు దాటిస్తాడు. నిలబడి అంచు దాటే అవసరమే ఉండదు. అమెరికాలో పిల్లల దగ్గరున్నప్పుడు ఆపరేషన్ అయిన తల్లిదండ్రులకు ఫిజియోథెరపిస్టులు దీన్నే సూచించేది అందుకే.

మన దగ్గర టబ్బులు తక్కువ. కానీ చాలా ఇళ్లలో, ముఖ్యంగా పాత ఇళ్లలో, నీళ్లు బయటికి పారకుండా స్నానం చేసే చోటు చుట్టూ నాలుగైదు అంగుళాల కట్ట కడతారు. ఆపరేషన్ అయిన మనిషికి ఆ చిన్న కట్ట కూడా టబ్బు అంచు లాంటిదే. దాన్ని దాటాలంటే తడి నేల మీద ఒంటికాలిపై నిలబడాలి. వాకర్ రెండు కాళ్లు కట్టకు ఇటు, రెండు అటు పడి ఊగుతుంది. అలాంటి చోట ట్రాన్స్‌ఫర్ బెంచీ బాగా పనికొస్తుంది.

ఒక ఇంటి లెక్క

ఉదాహరణకు గుంటూరులో ఒక పాత ఇల్లు అనుకుందాం. 67 ఏళ్ల తల్లి జారిపడింది. ఎడమ తుంటి దగ్గర ఎముక విరిగితే సగం కీలు మార్చారు. ఆపరేషన్ వెనక వైపు నుంచి చేశారు. వాకర్‌తో నడుస్తోంది. ఇంట్లో కొడుకు, కోడలు ఉన్నారు. కూతురు పక్క వీధిలోనే ఉంటుంది. తల్లి ఇంటికి రాకముందే కొడుకు టేపు పట్టుకుని స్నానాల గదిలోకి వెళ్లాడు.

మొదట కొలిచింది తలుపు. చెక్క ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య కాదు, తలుపు పూర్తిగా తెరిచాక మిగిలే ఖాళీ కొలవాలి. అది 25 అంగుళాలు వచ్చింది. వాకర్ వెడల్పు 22. కాబట్టి నేరుగా వెళ్లిపోతుంది. ఖాళీ వాకర్ కన్నా తక్కువ ఉంటే పక్కకు తిరిగి దూరే ప్రయత్నం చేయిస్తారు, పాదం లోపలికి తిరిగేది అప్పుడే. అలాంటి ఇంట్లో తలుపు రెక్కను కొన్నాళ్లు ఊడదీసి పరదా కట్టడమే సులువు.

రెండో కొలత తల్లిది. ఆసుపత్రి గదిలో ఆమె మంచం అంచున కూర్చున్నప్పుడు, ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులతోనే, మోకాలి వెనక మడత నుంచి నేల దాకా కోడలు కొలిచింది. 16 అంగుళాలన్నర. సీటు దీనికన్నా సుమారు 2 అంగుళాలు ఎక్కువ ఉండాలి. అంటే 18, 18న్నర ఆ ప్రాంతంలో.

మూడోది కట్ట కొలత. ఎత్తు 5 అంగుళాలు, మందం 4. బెంచీ కాళ్ల మధ్య దూరంలో అది ఇబ్బంది లేకుండా ఇమిడిపోతుంది. కానీ కట్ట లోపలి నేల బయటి నేల కన్నా ఒక అంగుళం కిందికి ఉంది. దీన్ని గమనించకపోతే బెంచీ లోపలికి వాలిపోయేది. ఈ బెంచీల కాళ్లు ఒక్కొక్కటి విడిగా పెంచుకోవచ్చు. స్ప్రింగ్ బటన్ నొక్కి పైపు జరిపితే ఒక్కో రంధ్రానికి అంగుళం చొప్పున పెరుగుతుంది. బయటి రెండు కాళ్లను 18 అంగుళాలకు పెట్టారు, లోపలి రెండింటిని ఒక రంధ్రం పెంచి 19 చేశారు. సీటు సమంగా వచ్చింది. లోపల కూర్చున్నప్పుడు నేల నుంచి సీటు 19 అంగుళాలు ఉంటుంది. అయినా తల్లి పాదాలు నేలకు పూర్తిగా ఆనాయి. ఆనకపోతే ఎత్తు ఎక్కువైనట్టు. అప్పుడు మనిషి సీటు అంచుకు జారుతుంది.

ఎత్తు సరిపోయిందో లేదో చూడ్డానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. కూర్చున్న మనిషి తొడ మీద పొడుగు స్కేలు పెట్టి, దాని మీద నిమ్మకాయ ఉంచాలి. అది మోకాలి వైపు దొర్లితే సీటు ఎత్తు సరే. పొట్ట వైపు దొర్లితే సీటు పొట్టిగా ఉందన్నమాట, ఇంకో రంధ్రం పెంచాలి.

నేల మీద నీళ్లు పోవడానికి వాలు ఉంటుంది కాబట్టి నాలుగు కాళ్లూ ఒక్కోసారి సమంగా ఆనవు. సీటు నాలుగు మూలలను, ఎదురెదురు మూలల చొప్పున, గట్టిగా నొక్కి చూడాలి. టకటకమంటే బెంచీని కొంచెం అటూ ఇటూ జరపాలి. కాలి కింద అట్టముక్కో చెక్కముక్కో పెట్టకూడదు. తడిసిన అట్ట నలుగుతుంది, చెక్క జారుతుంది. ప్రతి స్ప్రింగ్ బటన్ రంధ్రంలోంచి పూర్తిగా బయటికి వచ్చిందో లేదో వేలితో తడిమి చూడాలి. సగం బయటికొచ్చిన బటన్ బరువు పడగానే లోపలికి పోతుంది, ఆ కాలు కుంగుతుంది.

కూర్చోవడం, తిరగడం

కుట్లు తీసే దాకా, లేదా డాక్టరు తడవొచ్చని చెప్పే దాకా, మంచం మీద తడిగుడ్డతో తుడవడమే స్నానం. కుట్లు తీయడానికి సాధారణంగా 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఈ రోజులను ఊరికే పోనివ్వకుండా ఆ ఇంట్లో పొడి బెంచీ మీద, బట్టలతోనే, రోజుకు ఒకసారి ఎక్కి దిగడం ప్రాక్టీసు చేశారు. పొరపాట్లన్నీ నేల పొడిగా ఉన్నప్పుడే బయటపడ్డాయి.

వరస ఇలా ఉంటుంది. తల్లి వాకర్‌తో బెంచీ బయటి చివర దాకా వచ్చి, చిన్న చిన్న అడుగులతో వెనక్కి తిరగాలి. పాదం నేలకు పాతుకుపోయినట్టు ఉంచి నడుం తిప్పకూడదు. మోకాళ్ల వెనక బెంచీ అంచు తగిలే దాకా వెనక్కి జరగాలి. ఆపరేషన్ అయిన ఎడమ కాలిని కొంచెం ముందుకు చాపాలి. ఒక చెయ్యి వెనక్కి పోనిచ్చి బెంచీని పట్టుకుని, ముందుకు వంగకుండా, మెల్లగా కూర్చోవాలి. తర్వాత రెండు చేతులూ ఆనించి వెనక్కి, అంటే కట్ట లోపలి వైపుకు జరగాలి. అప్పటికి ముఖం తలుపు వైపే ఉంటుంది, పాదాలు ఇంకా కట్ట బయటే ఉంటాయి.

ఇప్పుడు కుళాయి వైపు తిరగాలి. ఆ ఇంట్లో కుళాయి ఆమెకు కుడి వైపు. ఆనుకునే పలకను విప్పి ఎడమ వైపు అంచుకు బిగించారు, తిరిగాక అది వీపు వెనక ఉండాలి కాబట్టి. ముందు కుడి కాలు కట్ట దాటుతుంది. దాని వెనక ఎడమ కాలు వస్తుంది. జాగ్రత్త పడాల్సింది సరిగ్గా ఇక్కడే. వెనక వచ్చే కాలు సహజంగానే ముందున్న కాలి వైపు లాగుతుంది, మధ్య గీత దాటిపోతుంది. అందుకే ముందు నడుమును కొంచెం తిప్పాలి, ఆ తర్వాత కాలిని అంతే జరపాలి. మళ్లీ నడుం, మళ్లీ కాలు. రెండు మోకాళ్ల మధ్య ఎప్పుడూ జానెడు ఎడం ఉండాలి. కాలి వేళ్లు పైకప్పు వైపు చూడాలి.

కాలు ఎత్తేటప్పుడు ముందుకు వంగి చేతులతో తొడను పట్టుకోవడం అందరూ చేసే తప్పు. దాంతో 90 డిగ్రీలు దాటిపోతాయి. వీపును కొంచెం వెనక్కి వాల్చి ఎత్తాలి. ఆమెకు కాలు సొంతంగా లేవలేదు. కోడలు ఒక చెయ్యి మడమ కింద, ఒక చెయ్యి పిక్క కింద పెట్టి, కాలు బరువు మాత్రమే మోసింది, లాగలేదు. సాయానికి మనిషి లేనప్పుడు పాత దుపట్టాను ఉచ్చులా కట్టి పాదం కింద వేసుకుని పైకి లేపుకోవచ్చు.

బయటికి వచ్చేటప్పుడు ఇదే వరస తిరగబడుతుంది. ఈసారి ఎడమ కాలే ముందు నడుస్తుంది కాబట్టి కాస్త సులువు. కుడి తుంటికి ఆపరేషన్ అయి ఉంటే లోపలికి వెళ్లడం సులువుగా ఉండేది, బయటికి రావడం దగ్గర జాగ్రత్త అవసరమయ్యేది. ఏ కాలైనా, రెండు ప్రయాణాల్లో ఒకదానిలో ఆపరేషన్ కాలు వెనక పడుతుంది. అది ఏదో ముందే తెలుసుకుని ఆ ప్రయాణంలో సాయం చేసే మనిషి ఆ కాలి దగ్గరే ఉండాలి.

బకెట్ కింద ఉంటే

సీటు సరిగ్గా వేసి కూడా చాలా ఇళ్లలో తప్పు జరిగేది బకెట్ దగ్గర. 19 అంగుళాల ఎత్తున కూర్చున్న మనిషి నేల మీది బకెట్లో చెంబు ముంచాలంటే తల మోకాళ్ల దాకా వంగాలి. ఎత్తు సీటు వేసి సాధించినదంతా ఆ ఒక్క వంపులో పోతుంది. ఆ ఇంట్లో కుళాయి ముందు అడుగు ఎత్తున్న గట్టి స్టూలు వేసి, దాని మీద బకెట్ పెట్టారు. బకెట్ అంచు ఆమె మోచేతి ఎత్తుకు వచ్చింది. బకెట్‌ను పైన పెట్టాకే పైపుతో నింపారు. 20 లీటర్ల నీళ్లంటే 20 కిలోలు, నిండు బకెట్ ఎత్తి పెట్టబోతే కోడలి నడుం పట్టేస్తుంది. నీళ్లు సగానికి తగ్గాక మళ్లీ నింపాలి, లేకపోతే అడుగు నీళ్ల కోసం వంగుతారు. హ్యాండ్ షవర్ పెట్టుకోగలిగితే ఈ బాధే లేదు.

వేడినీళ్లు బకెట్లో కలిపి, చేత్తో చూశాకే ఆమెను కూర్చోబెట్టాలి. హీటర్ రాడ్ వాడే ఇంట్లో మనిషి లోపలికి రాకముందే ప్లగ్గు తీసి రాడ్డు బయటికి తెచ్చేయాలి. సబ్బు జారి కిందపడితే తీసుకోవడానికి వంగడం అలవాటుగా జరిగిపోతుంది. పాత సాక్సులో సబ్బు వేసి బెంచీ పిడికి కట్టేస్తే పడదు. మోకాలి కింది భాగం ఇంకొకరే కడగాలి. పరదా కోసం ఒంటి మీద సన్నటి కాటన్ నైటీ ఉంచుకోవచ్చు, తడి ప్లాస్టిక్‌కు ఒళ్లు అంటుకోకుండా జరగడానికి కూడా అది పనికొస్తుంది. అంచు పాదాల కింద పడకుండా మోకాళ్ల దాకా మడవాలి.

వుజూకు కూడా ఇదే బెంచీ వాడుకోవచ్చు. చేతులు, ముఖం, మోచేతుల దాకా కడుక్కోవడం, తల మసహ్ కూర్చునే అవుతాయి. పాదాల దగ్గర మాత్రం వంగకూడదు. కూతురో కోడలో నీళ్లు పోసి కడగాలి. చేసుకోలేని మనిషి వుజూలో ఇంకొకరి సాయం తీసుకోవడంలో తప్పు లేదు. కుట్లు తడవకూడదన్న రోజుల్లో గుస్ల్, తయమ్ముమ్ సంగతి మీ ఆలిమ్‌ను అడగండి. కుర్చీ మీద నమాజు చదివేటప్పుడు ఆ కుర్చీకి కూడా ఇదే ఎత్తు లెక్క వర్తిస్తుంది. రుకూ, సజ్దా సైగలు తలతోనే చేయాలి, నడుం నుంచి వంగితే తుంటి మడుస్తుంది.

లేచేటప్పుడు

స్నానం అయ్యాక కూర్చునే ఒళ్లు తుడుచుకోవాలి. కాళ్లు బయటికి తెచ్చి, పాదాలు తుడిచి, చెప్పులు వేయించి, బయటి నేల పొడిగుడ్డతో తుడిచాకే లేవాలి. లేచేటప్పుడు బెంచీ మీద చేతులు ఆనించి పైకి నెట్టుకోవాలి. ఎడమ కాలు ముందుకు చాపి ఉంచాలి. వాకర్‌ను పట్టుకుని లాక్కుంటూ లేస్తే అది మనిషి మీదికి తిరగబడుతుంది. కుళాయి, టవల్ రాడ్డు మనిషి బరువు మోయడానికి బిగించినవి కావు. గాలితో గోడకు అతుక్కునే పిడులు కూడా నమ్మదగ్గవి కావు, టైల్ తడిస్తే ఊడొస్తాయి.

స్నానాల గది గడప ఎత్తుగా ఉంటే ముందు వాకర్, తర్వాత కాలు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఇది ఫిజియోథెరపిస్టు ముందు ఒకసారి చేసి చూపించాలి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి కీలు జారొచ్చు. గజ్జలోనో పిరుదులోనో ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తుంది. ఆ కాలు రెండో కాలి కన్నా పొట్టిగా కనిపిస్తుంది, పాదం లోపలికి తిరిగిపోతుంది, బరువు వేయలేరు. అలా జరిగితే లేపి నిలబెట్టే ప్రయత్నం చేయొద్దు, కాలు లాగి సరిచేయబోవద్దు. ఉన్నచోటే పడుకోబెట్టి, కాలు కదలకుండా చూసి 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రికి చేరే దాకా తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకూడదు, మత్తు ఇచ్చి కీలు సరిచేయాల్సి రావొచ్చు.

కొనాలా, అద్దెకు తేవాలా?

ఈ ఏర్పాటు ఎప్పటికీ ఉండేది కాదు. కీలు మార్పిడికి సాధారణంగా 6 నుంచి 12 వారాలు ఈ జాగ్రత్తలు చెబుతారు. అద్దెకు ఇచ్చే షాపు ఉంటే మూడు నెలల అద్దె మొత్తం కొత్తదాని ధరలో ఎంత అవుతుందో లెక్క వేసుకోవాలి, డిపాజిట్ తిరిగిచ్చే షరతు రసీదు మీద రాయించుకోవాలి. బంధువుల ఇంట్లో వాడినది ఉంటే తెచ్చుకోవచ్చు. కానీ రబ్బరు బుష్షులు అరిగి లోపలి పైపు కనిపిస్తే కొత్తవి వేయించాలి. సీటు అడుగున వెంట్రుకంత చీలిక ఉన్నా, పైపు రంధ్రాలు కోలగా సాగినా దాన్ని వాడొద్దు. బెంచీ మీద రాసి ఉండే బరువు పరిమితిని మనిషి బరువుతో పోల్చి చూడాలి.

గుంటూరు ఇంట్లో ఎనిమిదో వారం చెకప్‌లో డాక్టరు ఎక్స్‌రే చూసి కట్ట దాటి నడవొచ్చన్నారు. ఆ రోజే బెంచీ తీసేయలేదు. ముందు వారం రోజులు బెంచీ అక్కడే ఉంచి, చేతికర్రతో, కోడలు పక్కన నిలబడగా, పొడి నేల మీద కట్ట దాటించారు. తర్వాతే బెంచీ విప్పి షాపుకు ఇచ్చారు. బకెట్ కింది స్టూలు మాత్రం తల్లి తీయనివ్వలేదు. ఆరు అంగుళాల పీట అటక ఎక్కింది, దాని మీద మళ్లీ కూర్చోవచ్చో లేదో వచ్చే చెకప్‌లో డాక్టరునే అడగాలని కొడుకు ఫైలు మీద రాసిపెట్టుకున్నాడు.